అల్లుడూ, ముందు ఆ పేపర్ తియ్యి

ఒరేయ్ అల్లుడూ,

జేఈఈ మెయిన్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని అమ్మ చెప్పింది. సరే, రెండు రోజులు బాధపడ్డావు. బాధపడాల్సిందే. రెండేళ్లు కష్టపడ్డావు కదా! ఇక ఆ రెస్పాన్స్ షీట్ తీసి టేబుల్ మీద పెట్టు. ఈ ఉత్తరం దాని గురించే.

జనరల్ కేటగిరీలో 2025 కటాఫ్ 93.1 పర్సంటైల్ దగ్గర ఆగింది. నువ్వు దానికి కింద ఉన్నావు. అడ్వాన్స్‌డ్ ఈ ఏడాదికి లేదు. అది నిజం, దాన్ని మార్చలేం. కానీ "నాకు మ్యాథ్స్ రాదు మామయ్యా, వేరే కోచింగ్‌లో మొదటి నుంచి చదువుతాను" అన్నావు చూడు, అది మాత్రం నిజం కాదు. నీ పేపరే ఆ మాట కాదంటోంది.

75 ప్రశ్నలు, 300 మార్కులు. నువ్వు జవాబు పెట్టినవి 49. అందులో 24 రైట్, 25 తప్పు. 26 వదిలేశావు. 24 రైట్లకి 96 మార్కులు. 25 తప్పులకి 25 పోయాయి. మిగిలింది 71.

అందరూ ఇక్కడే ఆగిపోతారు. 71 చూసి, అదే తమ తెలివి విలువ అనుకుంటారు. నువ్వు ఆగకు. ఆ 25 తప్పులూ ఒకే రకం తప్పులు కావు. వాటిని విడదియ్యాలి.

నిన్న ఫోన్‌లో ఇద్దరం కలిసి ఆ పని మొదలుపెట్టాం కదా. నేను ప్రశ్న చదివాను, నువ్వు ఆ రోజు ఏం చేశావో చెప్పావు. కీలో ఉన్న కరెక్ట్ ఆప్షన్ ఐడీని, షీట్‌లో నువ్వు ఎంచుకున్న ఆప్షన్ ఐడీతో పోల్చి చూశాం. (ఒకటో ఆప్షనా, మూడో ఆప్షనా అని చూస్తే పొరపాటు పడతాం. ఐడీ నంబరే చూడాలి.) తేలింది ఇదీ:

• తెలిసి కూడా తప్పు పెట్టినవి: 8
• అసలు కాన్సెప్టే రానివి: 9
• ఊహించి పెట్టినవి: 8

వదిలేసిన 26లో 11 టైమ్ లేక కనీసం చదవలేదు. మిగతా 15 చదివి వదిలేశావు. ఆ 26నీ రాత్రి గడియారం చూడకుండా చేసి పంపమన్నాను. 7 కరెక్ట్‌గా చేశావు!

ఇప్పుడు లెక్క చూడు. తెలిసి తప్పు పెట్టిన ఒక్కో ప్రశ్న నీకు 5 మార్కుల నష్టం. రావాల్సిన 4 రాలేదు, పైగా 1 పోయింది. 8 ప్రశ్నలకి 40. టైమ్ ఉంటే చేయగలిగిన 7 ప్రశ్నలకి 28. రెండూ కలిపితే 68. అంటే ఒక్క కొత్త చాప్టర్ చదవకుండా, ఇప్పటికే నీ బుర్రలో ఉన్నదానికి 139 మార్కుల విలువ ఉంది. అవన్నీ పరీక్ష హాల్లో రాబట్టడం ఎవరి వల్లా కాదు, ఒప్పుకుంటాను. 4 స్లిప్పులు ఆపి, 3 ప్రశ్నలు అదనంగా చేసినా 32 పెరుగుతాయి. 71 కాస్తా 103 అవుతుంది.

మీ అమ్మమ్మ ఉంటే నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అనేది: "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు" అని. కోప్పడటానికి కాదు నాన్నా. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి.

ముందు ఆ 8 స్లిప్పుల సంగతి చూద్దాం. "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అన్నావు. ఆ మాట నాకొద్దు. జాగ్రత్త అనేది ప్లాన్ కాదు. స్లిప్ ఎక్కడ జరిగిందో తెలిస్తేనే అది ఆగుతుంది.

నీ 8లో 4 ప్రశ్న చదవడంలో వచ్చినవే. వృత్తం ప్రశ్న గుర్తుందా? వ్యాసార్థం 5 అని కరెక్ట్‌గా కనుక్కున్నావు. ఆప్షన్లలో 5 కనిపించింది, నొక్కేశావు. అడిగింది వైశాల్యం. జవాబు 25π. పేపర్ సెట్ చేసేవాళ్లు మధ్యలో వచ్చే విలువని కావాలనే ఆప్షన్‌గా పెడతారు. అది కనిపించగానే మనసు "అయిపోయింది" అంటుంది. కెమిస్ట్రీలో "సరికానిది ఏది" అన్న ప్రశ్నకి సరైనది పెట్టావు. అదీ ఇదే జాతి. మిగతా నాలుగులో 2 ప్లస్, మైనస్ గుర్తులవి. 2 యూనిట్లవి: సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చలేదు.

కాబట్టి ఈ రోజు నుంచి ప్రతి లెక్కకీ మూడు పనులు చెయ్యి.

1. పెన్ను పెట్టగానే రఫ్ షీట్ మీద ప్రశ్న నంబర్ రాసి, పక్కన "కావాల్సింది: వైశాల్యం" అని రాయి. ఒక్క ముక్క చాలు.
2. ఇచ్చిన విలువలు రాసేటప్పుడే యూనిట్లు మార్చి రాయి. తర్వాత మారుద్దాం అనుకోకు.
3. ఆప్షన్ నొక్కే ముందు ప్రశ్నలోని ఆఖరి వాక్యం మళ్లీ చదువు.

మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, స్పీడ్ తగ్గినట్టు అనిపిస్తుంది. మానకు. చేతికి అలవాటైపోతే దాని గురించి ఆలోచించే పనే ఉండదు.

ఇక టైమ్. ఇది నీ పేపర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, శ్రద్ధగా విను. నువ్వు అసలు చదవని 11లో 9 కెమిస్ట్రీవి. రాత్రి ఇంట్లో చేసిన 7లో 5 కూడా కెమిస్ట్రీవే. ఎందుకలా? మ్యాథ్స్‌తో మొదలుపెట్టి, అక్కడే గంటన్నర పైగా కూర్చున్నావు. ఒక ఇంటిగ్రేషన్ తేలకపోతే పంతం పట్టావు. ఆఖర్లో కెమిస్ట్రీకి అరగంట కూడా మిగల్లేదు. కెమిస్ట్రీలో చాలా ప్రశ్నలు తెలిస్తే నిమిషంలో అయిపోతాయి, తెలియకపోతే ఎంతసేపు కూర్చున్నా తేలవు. అంత త్వరగా మార్కులిచ్చే సబ్జెక్టుని చివరికి తోసేశావు.

కంప్యూటర్ పరీక్షలో ఏ సబ్జెక్టుతోనైనా మొదలుపెట్టొచ్చు. నువ్వు ఇకమీదట కెమిస్ట్రీతో మొదలుపెట్టు. 40 నిమిషాలు. తర్వాత ఫిజిక్స్ 55. మ్యాథ్స్ 70. చివరి 15 నిమిషాలు వదిలేసిన వాటికి. ఏ ప్రశ్నలోనైనా రెండు నిమిషాలకి దారి కనిపించకపోతే వదిలేసి ముందుకెళ్లు. అది ఓటమి కాదు, టైమ్ పొదుపు. ఈ అంకెల్ని రాబోయే మాక్ టెస్టుల్లో నీకు కుదిరినట్టు సర్దుకో. కానీ ఏదో ఒక ప్లాన్ లేకుండా మాత్రం హాల్లోకి వెళ్లకు.

ఊహించి పెట్టిన వాటి మీద నువ్వు అనవసరంగా కుమిలిపోతున్నావు. "నెగటివ్ మార్కులే ముంచాయి" అన్నావు. లెక్క వేద్దాం. రైట్ అయిన 24లో కూడా 3 ఊహలే అని నువ్వే చెప్పావు. అంటే మొత్తం 11 ఊహలు: 3 రైట్, 8 తప్పు. 12 వచ్చాయి, 8 పోయాయి. నికరంగా 4 లాభమే! ఆ 8 తప్పుల్లో 3 సెక్షన్ బీ న్యూమరికల్ ప్రశ్నలు. అక్కడ ఆప్షన్లే ఉండవు. ఏదో అంకె టైప్ చేస్తే కలిసొచ్చే అవకాశం దాదాపు లేదు, తప్పయితే 1 పోతుంది. అవి వదిలేసి ఉంటే ఊహల లాభం 7 అయ్యేది.

రూల్ గుర్తుపెట్టుకో. సెక్షన్ ఏలో నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే, మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టు. అలాంటివి రెండు పెడితే సగటున ఒకటి కలిసొస్తుంది: 4 వచ్చి 1 పోతుంది. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగినా సగటున లాభమే. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెట్టేవి పెద్దగా ముంచవు, పెద్దగా తేల్చవు. వాటి మీద టైమ్ పెట్టకు. సెక్షన్ బీలో మాత్రం లెక్క చేస్తేనే అంకె వెయ్యి.

కాన్సెప్ట్ రాని 9లో 4 అయస్కాంతత్వం, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇండక్షన్ నుంచే వచ్చాయి. నిజంగా కూర్చుని చదవాల్సింది అదొక్కటే. మిగతా 5 ఐదు చోట్ల ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు వెళ్లకు.

ఎందుకంటే మే మూడో వారంలో ఈఏపీసెట్ మొదలవుతుంది. సుమారు నాలుగు వారాలుంది. అది వేరే ఆట. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, ప్రశ్నకి 67 సెకన్లు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. చివరి 5 నిమిషాలు మిగిలిన వాటికి జవాబులు నింపడానికే ఉంచుకో. మన ఆంధ్రలో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజ్ ఉంది. నీ ఇంటర్ మార్కులు బాగున్నాయి, అవి పక్కాగా కలిసొస్తాయి. రోజు విడిచి రోజు ఒక పాత పేపర్ మూడు గంటలు పెట్టుకుని రాయి. మధ్య రోజు ఆ పేపర్‌ని ఇలాగే విడదియ్యి. కొత్త పేపర్ రాయడం కంటే పాత పేపర్ విడదీసిన రోజే నువ్వు ఎక్కువ నేర్చుకుంటావు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇది ఎన్నోసార్లు చూశాను.

లాంగ్‌టర్మ్ సంగతి. ఇంటర్ పాసయిన ఏడాది, ఆ తర్వాతి ఏడాది, అంతే అడ్వాన్స్‌డ్‌కి అర్హత. నీకు మిగిలింది వచ్చే ఏడాది ఒక్కటే. అందుకే ఆ నిర్ణయం ఇప్పుడు బాధలో తీసుకోకు. ఈఏపీసెట్ అయ్యాక, అప్పటిదాకా రాసిన పేపర్లన్నీ ముందు పెట్టుకుని చూద్దాం. స్లిప్పులు, టైమ్ నష్టం సగానికి తగ్గితే ఆ ఒక్క ఏడాదికీ అర్థం ఉంటుంది. తగ్గకపోతే మంచి కాలేజీలో నచ్చిన బ్రాంచి తీసుకుందువు గాని.

బావతో నేను మాట్లాడాను. కోచింగ్ ఫీజు కట్టే తొందర లేదని చెప్పాను, ఆయన సరేనన్నారు. నువ్వు కూడా ఈ రాత్రి ఆయన పక్కన కూర్చుని 8, 9, 8 లెక్క చూపించు. 71 ఎలా వచ్చిందో నీ నోటితో చెప్పు. ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చెయ్. వచ్చేటప్పుడు రెండు పాత ఈఏపీసెట్ పేపర్లు, నీ స్లిప్పులన్నీ రాసిన నోట్‌బుక్ తెచ్చుకో. మధ్యాహ్నం అత్త చేతి భోజనం చేశాక ఒక పేపర్ రాద్దువు. టైమ్ నేను చూస్తాను.

మీ మామయ్య