టేర్ గ్రాంట్: మేడం కోసం ఒక పేజీ సారాంశం

రీసెర్చ్ గ్రాంట్ ప్రకటన అంటే చాలా పేజీల పీడీఎఫ్. దాన్ని "సమ్మరీ చేయి" అంటే మనం సాధారణంగా చేసే పని ఒకటే: ప్రతి పేరాని కుదించి, అదే వరుసలో పెట్టేయడం. పరీక్షలో జవాబు రాయడానికైతే అది సరిపోతుంది. కానీ అప్లై చేయాలా వద్దా అని తేల్చుకోవాల్సిన మనిషికి అది పనికిరాదు. వాళ్ళకి కావాల్సింది మూడు ప్రశ్నలకి జవాబు. నేను అర్హురాలినేనా? డబ్బు ఎంత, ఎవరి చేతికి? టైం సరిపోతుందా? ఈ వ్యాసంలో ఒక నిజమైన స్కీంని తీసుకుని, ఆ మూడు ప్రశ్నల వరుసలో సారాంశం ఎలా రాయాలో చూద్దాం.

స్కీం పేరు టేర్. పూర్తి పేరు టీచర్స్ అసోసియేట్‌షిప్ ఫర్ రీసెర్చ్ ఎక్సలెన్స్. కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద ఉన్న ఎస్ఈఆర్‌బీ దీన్ని మొదలుపెట్టింది. ఆలోచన సింపుల్. రాష్ట్ర యూనివర్సిటీల్లో, ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళకి ల్యాబ్ ఉండదు, తోటి పరిశోధకులు ఉండరు. వాళ్ళు ఉద్యోగం వదలకుండానే ఏడాదిలో కొన్ని రోజులు ఐఐటీ, ఎన్ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ, సీఎస్ఐఆర్ ల్యాబ్ లాంటి చోటికి వెళ్ళి పరిశోధన చేసుకోవచ్చు. వెళ్ళే చోటుని హోస్ట్ అంటారు, జీతమిచ్చే కాలేజీని పేరెంట్ అంటారు.

నేను దీన్ని చదివింది మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడం కోసం. మన దగ్గర జూనియర్ లెక్చరర్ అంటే ఇంటర్ కాలేజీ పోస్టు గుర్తొస్తుంది. ఇక్కడ నేనంటున్నది ఇంజినీరింగ్ కాలేజీలో చేరి కొన్నేళ్ళే అయిన అసిస్టెంట్ ప్రొఫెసర్ గురించి. మేడంకి 34 ఏళ్ళు. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కుల మీద పీహెచ్‌డీ చేశారు. ఇంట్లో రెండేళ్ళ బాబు. వారానికి 16 గంటల క్లాసులు. పీహెచ్‌డీ అయ్యాక మూడేళ్ళుగా ఒక్క పేపర్ కూడా రాయలేకపోయారు. "అంతా చదివే ఓపిక లేదురా. అవునో కాదో తేల్చుకునేలా ఒక్క పేజీలో రాసివ్వు" అన్నారు.

ముందు అర్హత. ఇక్కడ నియమం ఒక్కటే: కాదు అనిపించే షరతు ముందు రావాలి. ఏ ఒక్కటి తప్పినా మిగతాది చదవక్కర్లేదు కాబట్టి. టేర్‌లో అలాంటి గేట్లు నాలుగు. భారత పౌరులై ఉండాలి. పీహెచ్‌డీ ఉండాలి (వైద్యంలో అయితే ఎండీ, ఎంఎస్ లాంటి డిగ్రీ). వయసు 45 లోపు ఉండాలి, కొన్ని వర్గాలకి సడలింపు ఉంది. రాష్ట్ర యూనివర్సిటీలోనో, కాలేజీలోనో, ప్రైవేటు విద్యాసంస్థలోనో రెగ్యులర్ ఉద్యోగంలో ఉండాలి.

మొదటి మూడు గేట్లు సర్టిఫికెట్ చూస్తే తేలిపోతాయి. నాలుగోది మాత్రం కాస్త ఆగి చూడాలి. ప్రైవేటు కాలేజీల్లో "రాటిఫికేషన్ అయింది" అనే మాట తరచూ వింటాం. అంటే యూనివర్సిటీ ఆ లెక్చరర్‌ని అర్హులుగా ఆమోదించిందని. అది వేరు, రెగ్యులర్ నియామకం వేరు. కాంట్రాక్ట్ మీదో, గెస్ట్‌గానో చెబుతున్నవాళ్ళు ఈ గేటు దాటలేరు. కాబట్టి సారాంశంలో "రెగ్యులర్ ఫ్యాకల్టీ" అని రాసి వదిలేయకుండా "మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏ మాట ఉందో చూడండి" అని రాశాను. మేడం బీరువాలోంచి తీసి చూశారు. రెగ్యులర్ అనే ఉంది. నాలుగు గేట్లూ తెరుచుకున్నాయి.

తర్వాత డబ్బు. ప్రకటనలో కనిపించే అంకె ఏడాదికి 5 లక్షల రీసెర్చ్ గ్రాంట్, మూడేళ్ళు. వెంటనే బుర్రలో 15 లక్షలు అని లెక్క పడిపోతుంది. కానీ ఆ పక్కనే ఇంకో వాక్యం ఉంది: గ్రాంట్‌లో సగం హోస్ట్‌కి, సగం పేరెంట్‌కి. అంటే మన కాలేజీకి వచ్చేది ఏడాదికి రెండున్నర లక్షలు. అది కూడా కాలేజీ ఖాతాలోకి వస్తుంది, మేడం ఖాతాలోకి కాదు. ఏడాది చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఖర్చుల లెక్క పంపాలి. అవి వెళ్ళకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. కాబట్టి కాలేజీ అకౌంట్స్ సెక్షన్ కాగితాలు టైంకి ఇస్తుందా లేదా అన్నది కూడా డబ్బు ప్రశ్నే.

మేడం చేతికి వచ్చేది వేరే. ఫెలోషిప్ పేరుతో ఏడాదికి 60,000, జీతం కాకుండా. నెలకి 5,000 అనుకుంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అయితే ఈ స్కీంలో ఇంకో షరతు ఉంది: ఏడాదికి కనీసం 90 రోజులు హోస్ట్ దగ్గర పనిచేయాలి. 60,000ని 90తో భాగిస్తే రోజుకి దాదాపు 667 రూపాయలు. ఈ ఒక్క భాగహారం వల్ల హోస్ట్ ఎంపిక మారిపోయింది. మా ఊరి నుంచి హైదరాబాద్ వెళ్తే రాత్రి ఉండాలి. రూం, తిండి, ఆటో కలిపితే 667 దాటేస్తుంది, పైగా బాబుని వదిలి ఉండాలి. వరంగల్ ఎన్ఐటీ అయితే బస్సులో గంట. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి రావచ్చు. ఛార్జీలు పోగా కొంత మిగులుతుంది కూడా. హోస్ట్ మన ఊళ్ళోనే ఉండచ్చు, వేరే చోటా ఉండచ్చు. స్కీంలో దానికి అడ్డు లేదు. ముందు హైదరాబాద్ పేర్లు రాసుకున్న మేడం, ఈ లెక్క చూశాక వరంగల్‌లో తన టాపిక్ మీద పనిచేసే ప్రొఫెసర్ ఎవరున్నారా అని వెతకడం మొదలుపెట్టారు.

ఇక టైం. నా ఉద్దేశంలో అసలు నిర్ణయం ఉన్నది ఇక్కడే. ఆ 90 రోజులు ఒకేసారి వాడుకోవచ్చు, విడివిడిగానూ వాడుకోవచ్చు. క్లాసులు చెప్పేవాళ్ళకి రెండో దారే దిక్కు. మా కాలేజీ క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క వేశాను. ఎండాకాలం సెలవుల్లో 30 రోజులు. రెండు సెమిస్టర్ల మధ్య 14 రోజులు. కలిపితే 44. ఇంకా 46 కావాలి. క్లాసులు జరిగే వారాలు సెమిస్టర్‌కి 16 చొప్పున 32. వారానికి ఒక రోజు వెళ్తే 32 రోజులే వస్తాయి, చాలవు. ఒక వారం ఒక రోజు, మరో వారం రెండు రోజులు వెళ్తే 16 ప్లస్ 32, మొత్తం 48. అన్నీ కలిపి 92.

90కి 92. అంటే చేతిలో మిగిలేది రెండు రోజులు. బాబుకి జ్వరం వస్తేనో, సెలవుల్లో స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడితేనో ఆ రెండూ హరీ. కాబట్టి సారాంశంలో ఈ అంకె కింద గీత గీశాను. 92 రావాలంటే టైంటేబుల్‌లో వారానికి ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉండాలి, వారం విడిచి వారం రెండో రోజు కూడా. ఆ 16 గంటల క్లాసులు మిగతా రోజుల్లో సర్దాలి. అది మేడం చేతిలో లేదు, హెచ్ఓడీ చేతిలో ఉంది.

టైంలో రెండో భాగం, అప్లికేషన్ గడువు. దీన్ని చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ప్రపోజల్ రాయడం ఒక్కటే పని అయితే మేడం రెండు వారాల్లో రాసేస్తారు. కానీ ఇందులో వేరేవాళ్ళు సంతకం పెట్టాల్సిన కాగితాలున్నాయి: హోస్ట్‌లో మెంటర్ ఒప్పుకోలు, హోస్ట్ సంస్థ లెటర్, మన కాలేజీ నుంచి అనుమతి. అప్‌లోడ్‌కి చివరి మూడు రోజులు వదిలేద్దాం, ఎందుకంటే ఆఖరి రోజు పోర్టల్ నెమ్మదిస్తుంది. అంతకుముందు వారం మన ప్రిన్సిపాల్ సంతకానికి. దానికి ముందు పది రోజులు హోస్ట్ ఆఫీసుకి, అక్కడ ఫైలు రెండు మూడు టేబుళ్ళు దాటాలి. దానికి ముందు మెంటర్ మన ఐడియా చదివి జవాబివ్వడానికి ఒక వారం. కూడితే 27 రోజులు. ప్రకటన నెల రోజులు తెరిచి ఉందనుకుంటే మొదటి మూడు రోజుల్లోనే మెంటర్‌కి మెయిల్ వెళ్ళాలి. అంతకంటే, ప్రకటన రాకముందే మెంటర్‌తో మాట్లాడుకోవడం నయం.

ఒక జాగ్రత్త. 2023లో వచ్చిన చట్టంతో ఎస్ఈఆర్‌బీ, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. నేను పైన చెప్పిన అంకెలు ఎస్ఈఆర్‌బీ కాలం నాటి టేర్ నియమాలవి. ఎవరైనా వాట్సాప్‌లో పాత పీడీఎఫ్ పంపితే ముందు దాని మీద ఏ సంవత్సరం ఉందో చూడండి. కొత్త ప్రకటన ముందు పెట్టుకుని ఈ నాలుగు అంకెలే మళ్ళీ సరిచూసుకోండి: 45, 5 లక్షలు, 60,000, 90. ఏదైనా మారితే కింది లెక్క కూడా మారుతుంది.

మేడంకి ఇచ్చిన పేజీ చివరికి ఇలా ఉంది:

అర్హత: నాలుగు గేట్లూ దాటారు. రుజువు, అపాయింట్‌మెంట్ ఆర్డర్.

డబ్బు: కాలేజీకి ఏడాదికి రెండున్నర లక్షలు, హోస్ట్‌కి అంతే. మీ చేతికి రోజుకి సుమారు 667. వరంగల్ అయితే సరిపోతుంది, హైదరాబాద్ అయితే చేతి డబ్బు పడుతుంది.

టైం: 90 కావాలి, 92 దొరుకుతున్నాయి. వారానికో రోజు, వారం విడిచి వారం రెండో రోజు టైంటేబుల్‌లో ఖాళీ కావాలి.

ముందుగా అడగాల్సింది: హెచ్ఓడీని, ఆ ఖాళీ రోజుల గురించి, రాతపూర్వకంగా. ఆయన కాదంటే ప్రపోజల్ మొదలుపెట్టొద్దు. అవునంటే ఆ రోజే మెంటర్‌కి మెయిల్.

మేడం ఆ పేజీ చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ప్రపోజల్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ డ్రాఫ్ట్ ప్రింట్ తీసి, శుక్ర శనివారాల గడుల మీద పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకుని, హెచ్ఓడీ గదికి వెళ్ళారు.