ఇన్వర్టర్ బ్యాటరీ ఉబ్బితే, వైరు కాలితే

ప్రశ్న: మెట్ల కింద తలుపు వేసిన అరలో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ పక్కలు ఉబ్బాయి. వైరు ముట్టుకుంటే కాలుతోంది. వాడవచ్చా? – ఒక పాఠకుడు, రాజుపాలెం, కడప జిల్లా

జవాబు: వాడకూడదు. ఉబ్బిన బ్యాటరీని మార్చాల్సిందే, నీళ్లు పోసినా బాగుపడదు. కడప ఎండల్లో గాలి ఆడని అరలో బ్యాటరీ బాగా వేడెక్కుతుంది. దానికి ఓవర్‌ఛార్జింగ్ తోడైతే డబ్బా ఉబ్బుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నిండాక ఛార్జింగ్ వోల్టేజి 13.7 దగ్గరికి దిగాలి. గంటల తరబడి 14.5 పైనే నిలిచిపోతుంటే ఛార్జింగ్ బోర్డునూ చూపించాలి, లేదంటే కొత్త బ్యాటరీ కూడా ఉబ్బుతుంది.

వైరు సంగతి వేరు. 600 వాట్ల లోడుకు 230 వోల్టుల వైరులో మూడు ఆంపియర్లలోపే పారుతుంది. అదే లోడుకు బ్యాటరీ వైరులో దాదాపు 60 ఆంపియర్లు పారుతుంది. అందుకే ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఇక్కడ పనికిరాదు. కనీసం 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అదీ పొట్టిగా, ఉండాలి. వైరు పొడవునా వేడిగా ఉంటే అది సన్నదని అర్థం. టెర్మినల్ దగ్గరే కాలుతుంటే బోల్టు వదులైంది, లేదా తెల్లని, పచ్చని పొడి పేరుకుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ టెర్మినల్ సమస్యే.

ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వకే పేలుతుంది. అది పైకి లేస్తుంది కాబట్టి అరకు పైభాగంలోనూ కిందా కంతలుండాలి. దేవుడి దీపం, గ్యాస్ సిలిండరు దగ్గర బ్యాటరీ పెట్టకూడదు. మార్చేటప్పుడు ముందు తలుపు తెరిచి గాలి ఆడనివ్వాలి. తర్వాత మెయిన్, ఇన్వర్టర్ ఆపి, మొదట నెగటివ్ వైరు విప్పాలి.