అడ్వాన్సు తీరేదాకా రాయల్టీ లెక్క

మీ నవలకు ప్రచురణ సంస్థ 60,000 రూపాయలు కనీస హామీగా ముందే ఇచ్చి, ముఖవెల మీద పది శాతం రాయల్టీకి ఒప్పుకుందనుకుందాం. పుస్తకం వెల 300. కాపీకి 30 రూపాయలు మీ పేరున జమ అవుతుంది గాని చేతికి రాదు. తీసుకున్న అడ్వాన్సులో చెల్లిపోతుంది. 2,000 కాపీలు అమ్ముడైతే బాకీ తీరుతుంది. ఆ తర్వాతి కాపీ నుంచే మీకు కొత్తగా డబ్బొస్తుంది.

1,200 దగ్గరే అమ్మకం ఆగిపోతే? ఇంకా 24,000 చెల్లకుండా మిగులుతుంది. అమ్మకాలు తగ్గినా అడ్వాన్సు వెనక్కి ఇవ్వనక్కర్లేదని ఒప్పందంలో ఉంటే ఆ నష్టం సంస్థదే. ఆ వాక్యం లేనిదే సంతకం పెట్టకండి. రాతప్రతి ఇవ్వకపోతే మాత్రం సొమ్ము తిరిగి అడుగుతారు, అది న్యాయమే.

అసలు మోసపోయేది శాతం దగ్గర. పది అన్న అంకె చూసి తృప్తి పడతాం, దేని మీద పది అని అడగం. సంస్థకు అందిన నికర మొత్తం మీద అని రాసి ఉంటే లెక్క మారిపోతుంది. పంపిణీదారుకు సగం ధరకే పుస్తకం వెళితే సంస్థకు చేరేది 150, మీకు జమయ్యేది 15. అదే అడ్వాన్సు తీరడానికి 4,000 కాపీలు కావాలి. నికరం మీదే ఇస్తామని పట్టుబడితే శాతం పెంచమని అడగండి.

రెండు పుస్తకాలకు ఒకే ఒప్పందం రాసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. రెండింటి పద్దు కలిపేస్తే, మొదటి నవలలో మిగిలిన 24,000ను రెండో నవల సంపాదన నుంచి పట్టుకుంటారు. నేనైతే దీనికి ఒప్పుకోను. ఏ పుస్తకం లెక్క ఆ పుస్తకానిదే అని స్పష్టంగా రాయించుకోండి.

ఏడాదికోసారి వచ్చే లెక్కల కాగితంలో కాపీలు ఎన్ని వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి అన్నవి విడివిడిగా ఉండాలి. 1,500 వెళ్లి 300 వెనక్కొస్తే జమ 1,200కే. షాపులు మున్ముందు ఇంకా వాపసు చేస్తాయని కొన్ని సంస్థలు జమలో కొంత ఆపుతాయి. ఎంత శాతం ఆపుతారో, ఎన్నాళ్లకు వదులుతారో ముందే రాయించుకోకపోతే అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

పది శాతం టీడీఎస్ కోసి 54,000 మీ ఖాతాలో వేసినా, లెక్కలో అడ్వాన్సు 60,000గానే కనిపిస్తుంది. అది సరైనదే, తక్కిన 6,000 మీ తరఫున కట్టిన పన్ను. అది మీ పాన్ కింద జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. అక్కడ కనిపించకపోతే వెంటనే సంస్థ అకౌంట్స్ విభాగానికి రాయండి.