‘యూ వర్ సేయింగ్...?’ : సగంలో ఆగిన మాటను మర్యాదగా అడగడం

ఎదుటి మనిషి మాట సగంలో ఆగిపోతే తెలుగులో మనకేం ఇబ్బంది ఉండదు. ‘ఊఁ... అయితే?’ అంటాం, ‘చెప్పండి’ అంటాం. వాళ్లు మిగతాది చెప్పేస్తారు. ఇవే మాటలను ఇంగ్లీషులోకి మార్చితే మాత్రం తేడా కొడుతుంది. ‘అయితే?’ అనుకుని ‘సో?’ అంటే ‘అయితే నాకేంటి?’ అన్నట్టు వినిపించవచ్చు. ‘చెప్పండి’ అనుకుని ఉత్త ‘టెల్’ అంటే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. పైగా ‘టెల్’ తర్వాత ఎవరికి చెప్పాలో కూడా ఉండాలి: ‘టెల్ మి’.

మా గద్వాలలో చీరల కొట్టు అనుకోండి. సెలవుల్లో కొట్టులో కూర్చున్న మహేశ్ మన కాలేజీ కుర్రాడే. కేరళ నుంచి వచ్చిన ఒకామెకు తెలుగు, హిందీ రెండూ రావు. నేను రాసిన ఈ సంభాషణను ఇద్దరు కలిసి పైకి చదవండి.

కస్టమర్: దిస్ ఈజ్ లవ్లీ. బట్ ఇట్స్ ఎ లిటిల్...
(బయట లారీ హారన్)
మహేశ్: సారీ మేడమ్, యూ వర్ సేయింగ్ ఇట్స్ ఎ లిటిల్...?
కస్టమర్: ఓ, హెవీ. ఇట్స్ ఫర్ మై మదర్. షీ హ్యాజ్... (ఆగింది)
మహేశ్: ప్లీజ్ గో ఆన్, ఇఫ్ యూ డోంట్ మైండ్.
కస్టమర్: షీ హ్యాజ్ షోల్డర్ పెయిన్.
మహేశ్: ఐ సీ. దెన్ లుక్ ఎట్ దిస్ వన్. ది బార్డర్ ఈజ్...
(లోపలి నుంచి నాన్న పిలిచాడు)
కస్టమర్: యూ వర్ గోయింగ్ టు సే సమ్‌థింగ్ అబౌట్ ది బార్డర్?
మహేశ్: ఎస్, సారీ. ది బార్డర్ ఈజ్ నారో, విత్ లెస్ జరీ. సో ఇట్స్ లైటర్.

మొదటి ఆగుడు చూడండి. ‘ఇట్స్ ఎ లిటిల్...’ అనగానే కొట్టువాళ్లకు తోచే మాట ‘కాస్ట్లీ?’ అన్నదే. మహేశ్ ఆ మాట అని ఉంటే తన చీర ధర ఎక్కువని తానే ఒప్పుకున్నట్టయ్యేది. ఆమె బాధ ధర కాదు, బరువు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు వెడల్పయి జరీ ఎక్కువైతే బరువూ పెరుగుతుంది. మహేశ్ ఖాళీని తాను నింపలేదు. ఆమె చివరి మూడు మాటలనే తిరిగి ఆమె చేతికిచ్చి ఆగాడు. ఇదే అసలు పద్ధతి. చివరి మాట దగ్గర గొంతు కొంచెం పైకి లేవాలి. కిందికి దించితే మాట ముగిసినట్టుంటుంది, అడిగినట్టుండదు.

ఇక్కడ ‘వర్’ చాలా ముఖ్యం. ‘యూ వర్ సేయింగ్’ అంటే ‘మీరేదో చెబుతున్నారు, మధ్యలో ఆగింది’ అని. తప్పు హారన్‌ది, మీది కాదు అన్న భావం అందులోనే ఉంది. దాన్నే ‘వాట్ ఆర్ యూ సేయింగ్?’ అని విసురుగా అంటే ‘ఏం మాట్లాడుతున్నారు మీరు?’ అని గద్దించినట్టవుతుంది.

రెండో ఆగుడు వేరు. అక్కడ ఏ చప్పుడూ లేదు, ఆమే ఆగింది. తల్లి ఆరోగ్యం సంగతి కొత్తవాళ్లకు చెప్పాలా వద్దా అన్న సందేహం కావచ్చు. అందుకే ‘ఇఫ్ యూ డోంట్ మైండ్’, అంటే ‘మీకు అభ్యంతరం లేకుంటేనే’. ఆమె ‘నెవర్ మైండ్’ అని ఉంటే మళ్లీ అడగకూడదు. అది ‘పోనీలెండి, వదిలేయండి’ అని తలుపు వేయడమే. మాట కోసం వెతుక్కుంటూ ఆగిన వాళ్లయితే ఇంకో సంగతి. వాళ్లకు ‘టేక్ యువర్ టైమ్’ అని చెప్పి ఊరుకుంటే చాలు.

మూడోసారి అడిగింది కస్టమర్. మహేశ్ చెప్పబోయి ఆగాడు కాబట్టి ‘గోయింగ్ టు సే’ వచ్చింది. తెలుగులో ‘చెబుతుండగా’, ‘చెప్పబోతుండగా’ అన్న తేడానే ఇది.

ఇప్పుడు మీ వంతు. వనపర్తి బస్టాండులో ఒకాయన ‘ది నాగర్‌కర్నూల్ బస్ లీవ్స్ ఎట్...’ అంటుండగా బస్సు హారన్ మోగింది. మీరేమంటారు? ‘సారీ, ఇట్ లీవ్స్ ఎట్...?’ అంటే చాలు. ఈసారి మీ క్లాస్‌మేట్ ‘ఐ వోంట్ బీ ఎట్ ది ల్యాబ్ టుమారో, బికాజ్...’ అని తల దించుకున్నాడు. హారన్ లేదు, ఫోన్ లేదు. పై మూడింటిలో ఏది వాడతారో, ఎందుకో రాసి తెండి. క్లబ్‌లో చదువుదాం.