రెండు గ్లాసులు: పుట్టుకను బట్టి భేదము చూపుట న్యాయమా?

చదువవలసిన వేదభాగములు: యోహాను 4:1–26; గలతీయులకు 2:11–14; ద్వితీయోపదేశకాండము 25:13–16.



ఉంగుటూరు పరిసర గ్రామములలోని బడిపిల్లలును, యువజన కూటములవారును కలిసి కూర్చుండి చర్చించుకొనుటకు వీలుగా ఈ నెల పాఠమును సిద్ధపరచితిమి. కులభేదము చెడ్డదని అందరును అందురు. అయితే అది ఎందుచేత చెడ్డదో చెప్పుమనిన చాలమంది తడబడుదురు. కోపముతో చెప్పిన మాట ఎదుటివానిని ఒప్పింపదు, కారణముతో చెప్పిన మాట నిలుచును. కాబట్టి ఒక చిన్న ఆచారమును ఎదుట పెట్టుకొని, దానిని మూడు పరీక్షలకు గురిచేయుదము.

ఆ ఆచారము రెండు గ్లాసుల పద్ధతి. మన తెలుగునాట అనేక పల్లెలలోని టీ కొట్లలో ఒక వరుస గ్లాసులు ఊరివారికి, మరియొక వరుస గ్లాసులు పేటవారికి ఉండెడివి. పేటవాడు తన గ్లాసు తానే తీసికొని, త్రాగి, తానే కడిగి, విడిగా పెట్టవలెను. టీ ఒక్కటే, పాలు ఒక్కటే, ఇచ్చిన డబ్బు ఒక్కటే. గ్లాసు మాత్రము వేరు.

మొదటిది కారణ పరీక్ష. మనుష్యులను వేరు వేరుగా చూచుట ఎల్లప్పుడు తప్పు కాదు. చూపులేనివానికి బస్సు నడుపు పని ఇయ్యరు. చూపు లేకపోవుట అతడు కోరుకొన్నది కాదు, అయినను ఎవరును దానిని అన్యాయమనరు. ఏలయనగా బస్సు నడుపుటకు చూపు అవసరము. కాబట్టి “పుట్టుక మన చేతిలో లేదు గనుక దానిని బట్టి భేదము చూపరాదు” అని మాత్రమే వాదించు విద్యార్థి చర్చలో ఓడిపోవును. అతడు మరియొక మాట కూడ అడుగవలెను: చూపుచున్న భేదమునకును, జరుగుచున్న పనికిని సంబంధమేమి? టీ త్రాగుటకు నోరు కావలెను, చెల్లించుటకు డబ్బు కావలెను. త్రాగువాని తండ్రి ఎవరో ఆ పనికి ఏ విధముగాను అవసరము లేదు.

ఇక్కడ ఎదుటివారు శుభ్రత అను కారణమును తెత్తురు. అది నిజమైన కారణమా, నెపమా అని తెలిసికొనుటకు సులభమైన మార్గమున్నది. చెప్పిన కారణమును మార్చి చూడుము. నడత కూడ మారిన యెడల అది నిజమైన కారణము, మారని యెడల నెపము. పేటనుండి వచ్చిన ఉపాధ్యాయుడు స్నానము చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని వచ్చినను అతనికి ఆ విడి గ్లాసే ఇచ్చిరి. ఊరిలోనివాడు పొలము దున్ని, బురద కాళ్లతో వచ్చినను అతనికి మంచి గ్లాసే ఇచ్చిరి. శుభ్రత మారినది, గ్లాసు మారలేదు. మురికి సబ్బుతోను వేడినీళ్లతోను పోవును. పుట్టుక అను మచ్చ మాత్రము ఎంత కడిగినను పోదని ఆ కొట్టువాని లెక్క. అటువంటిది శుభ్రత కాదు.

రెండవది స్థానము మార్చు పరీక్ష. మనకు ఇతరులు ఏమి చేయవలెనని కోరుదుమో అదే ఇతరులకు చేయుమని ప్రభువు మత్తయి 7:12లో బోధించెను. అయితే ఒకడు గడుసుగా, “నేను పేటలో పుట్టియుంటే నేనును అణగియే యుందును” అనవచ్చును. ఆ మాట అతడు క్షేమమైన చోట కూర్చుండి చెప్పుచున్నాడు. అతనిని అన్నదమ్ముల పంపకములోనికి తీసికొని రండు. మన పల్లెలలో పొలము పంచునపుడు భాగములు చేయువాడొకడు, ముందుగా ఎంచుకొనువాడు వేరొకడు అను పద్ధతి కలదు. తనకు ఏ భాగము వచ్చునో తెలియనివాడు ఒక ముక్క ఊటనేల, ఒక ముక్క చవుడునేల చేయడు. అట్లే నీవు ఏ ఇంట పుట్టుదువో తెలియకమునుపే ఊరి నియమమును వ్రాయుమనిన, రెండు గ్లాసులు పెట్టుమని ఎవడు వ్రాయును? జాన్ రాల్స్ అను అమెరికా తత్త్వవేత్త 1971లో ప్రచురించిన న్యాయశాస్త్ర గ్రంథములో ఇట్టి ఆలోచననే విపులముగా వివరించెను.

మూడవది ఒకే కొలత పరీక్ష. సంచిలో హెచ్చు రాయి ఒకటి, తగ్గు రాయి ఒకటి ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. కొనునపుడొక రాయి, అమ్మునపుడొక రాయి వాడువాడు తన తూకము తప్పని తానే ఒప్పుకొన్నట్లు. ఇప్పుడు మన డెల్టా పొలములను చూడుడు. విజ్జేశ్వరమువద్ద గోదావరినుండి బయలుదేరిన నీరు ఏలూరు కాలువలో పారుచు ఎన్నో ఊళ్ల పొలములను తడుపుచున్నది. ఆ పొలములో నారు తీసి నాట్లు వేసిన చేయి ఎవరిది? కోసి, కట్టకట్టి, కుప్ప నూర్చిన చేయి ఎవరిది? ఆ చేయి తగిలిన ధాన్యము అన్నమై అందరి కంచములలోనికి వచ్చినపుడు మైల లేదు. అదే చేయి గ్లాసు పట్టుకొన్నపుడు మైల వచ్చినది! అనగా ఆ చేతి కష్టము కావలసినపుడొక కొలత, ఆ చేతికి గౌరవము ఇయ్యవలసినపుడు వేరొక కొలత. మైల అను మాట నిజముగా నమ్మినవాడు ఆ బియ్యము కూడ ముట్టరాదు.

ఈ పరీక్షలో తప్పినది యేదియు చిన్న విషయమని త్రోసివేయరాదు. చీరాలకు చేరువనున్న కారంచేడులో 1985లో మాదిగలు త్రాగునీటికి వాడుకొను చెరువువద్ద గేదెలను కడిగి నీరు పాడుచేయుటనుగూర్చి తగవు పుట్టినది. “ఇది మేము త్రాగు నీరు” అని అడిగినందుకు, మరునాడు, అనగా జూలై 17న, భూస్వామి వర్గమువారు పేటపై పడి ఆరుగురిని చంపిరి. కారణము చూపలేని నియమమును కారణమడిగినపుడు దానికి మిగిలిన జవాబు దౌర్జన్యమే. ఇట్టి దురంతముల తరువాత 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము చేయబడెను.

ఇక ఎదుటివారి వాదములలో రెండింటిని చూతము.

మొదటి వాదము: “కొట్టు నాది, పొలము నాది, ఎవరికేమి ఇత్తునో నా ఇష్టము.” ఇంటికి ఎవరిని భోజనమునకు పిలువవలెనో అది ఇంటివాని ఇష్టమే. కాని వీధిలో బల్ల వేసి, డబ్బిచ్చిన వారికెల్ల టీ అమ్ముదునని కూర్చున్నవాడు ఇంటివాడు కాడు. మన రాజ్యాంగము 15వ అధికరణములో దుకాణములు, హోటళ్లు, బావులు, చెరువులు కులమును బట్టి ఎవరికిని మూయరాదని చెప్పుచున్నది. 17వ అధికరణము అంటరానితనమునే రద్దుచేసినది. 1955లో వచ్చిన చట్టము, నేడు పౌరహక్కుల రక్షణ చట్టమని పిలువబడునది, హోటలులోని పాత్రలను వాడనియ్యకుండుటను కూడ పేరు పెట్టి నేరముగా చెప్పినది. ఇష్టము అను మాట అందరును ఒక్కటై చెప్పినపుడు ఏమగునో మన పొరుగుననే చూచితిమి. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కరు విగ్రహమునుగూర్చిన తగవు పిమ్మట దళితులను వెలివేసి, వారికి పొలము పనులు ఇయ్యక నిలిపివేసిరి. ఒక్కడు పని ఇయ్యని యెడల మరియొకనియొద్దకు పోవచ్చును. ఊరంతయు ఇయ్యనపుడు అది ఒక్కొక్కరి ఇష్టము కాదు, పుట్టుకకు విధించిన శిక్ష.

రెండవ వాదము: “అట్లయితే రిజర్వేషన్లు కూడ పుట్టుకను బట్టియే గదా?” ఈ ప్రశ్న బడిలో తప్పక వచ్చును, దానిని తప్పించుకొనరాదు. కారణ పరీక్షనే పెట్టుడు. తరతరములుగా బడిని, భూమిని, కొలువును పుట్టుకను బట్టి మూసివేసిరి గనుక, ఆ నష్టమును తీర్చువారు అది ఎవరికి కలిగినదో తెలిసికొనుటకు పుట్టుకను చూడవలసి వచ్చినది. గాయము ఏ కాలికి తగిలినదో ఆ కాలికే కట్టు కట్టుదురు. అయితే ఈ జవాబునకు హద్దు కూడ కలదు. నష్టము మిగిలియున్నంతవరకే ఆ కారణము నిలుచును. అది నిజముగా వెనుకబడినవారికి అందుచున్నదా అని ఎప్పటికప్పుడు పరిశీలింపవలెను. రెండు గ్లాసుల పద్ధతికి అట్టి హద్దును లేదు, పరిశీలనయును లేదు.

చివరిగా ఈ కొలతను మనమీదనే పెట్టుకొందము. యోహాను 4లో ప్రభువు సమరయ స్త్రీని నీళ్లడిగెను. ఆయనకు చేదుకొనుటకు ఏమియు లేదు గనుక ఆమె పాత్రతోనే త్రాగవలసియున్నది. 9వ వచనములో యూదులు సమరయులతో సాంగత్యము చేయరని వ్రాయబడినచోట, మూలభాషలోని క్రియకు “కలిసి వాడుకొనుట” అను అర్థము కూడ ఉన్నది. పాత్రలు కలిసి వాడరని దాని భావమని కొందరు పండితులు చెప్పుదురు. అట్లయిన అది రెండు గ్లాసుల ఊరే. ప్రభువు రెండవ గ్లాసు అడుగలేదు.

అయితే సంఘమే ఈ విషయములో జారినది. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుచుండి, యెరూషలేమునుండి కొందరు రాగా, భయపడి వెనుకకు తీసెను. పౌలు అందరియెదుట అతనిని గద్దించెను. పేతురు బోధ మారలేదు, బంతి మాత్రమే మారినది. మన సంఘములలో కూడ మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఉన్న ఊళ్లు లేవా? బల్ల ఒక్కటే అని చెప్పి, పెండ్లి సంబంధము వచ్చినపుడు ఇంటిపేరును తరచి తరచి అడుగువారము మనము కామా? ఊరివారు మనకు విడి గ్లాసు ఇచ్చినపుడు అన్యాయమని, మనము తోటి పేటవారికి ఇచ్చినపుడు ఆచారమని అందుమా? అదియే సంచిలోని రెండవ రాయి.

చర్చకు ప్రశ్నలు:

1. కాగితపు కప్పులు వచ్చిన చోట రెండు గ్లాసులు కనబడవు. ఆచారము పోయినదా, గ్లాసు మాత్రమే పోయినదా? ఏ గురుతులను బట్టి చెప్పగలరు?

2. మీ బడిలో, గుడిలో, సమాధుల దొడ్డిలో పుట్టుకను బట్టి నడచు నియమము ఒకదానిని చెప్పుడు. దానికి చెప్పు కారణమును మార్చి చూచిన, నడత మారునా?

3. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమువాడు క్రైస్తవుడైన యెడల ఆ హోదా పోవును. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను అది వర్తింపజేయబడెను. క్రైస్తవ మతములో కులము లేదు గనుక ఇది సరియే అని ఒక పక్షము, మతము మారినను టీ కొట్టులో గ్లాసు మారలేదు గనుక ఇది అన్యాయమని ఒక పక్షము వాదింపుడు. పిమ్మట పక్షములు మార్చుకొని మరల వాదింపుడు.