ఈమెయిల్ హెడర్‌లో +0300 ఏం చెబుతుంది?

రియాద్ కంపెనీ నుంచి జీమెయిల్‌కు ఉద్యోగ పత్రం వచ్చిందనుకుందాం. హెడర్‌లో ఈ రెండు వరుసలు చూడండి:

```
Received: ...; Mon, 3 Mar 2025 22:15:24 -0800 (PST)
Date: Tue, 4 Mar 2025 09:15:20 +0300
```

పంపడానికి ముందురోజే అందినట్టు కనిపిస్తోంది కదా! రెండింటినీ యూటీసీలోకి మార్చాలి. +0300 అంటే ఆ గడియారం యూటీసీ కంటే 3 గంటలు ముందుంది, కాబట్టి తీసివేయాలి: 06:15:20. -0800కు 8 గంటలు కలిపితే తేదీ 4కు మారి 06:15:24 వస్తుంది. తేడా 4 సెకన్లే. యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు కలిపితే, ఉత్తరం పంపినప్పుడు మన దగ్గర ఉదయం 11:45:20. ఈ కూడిక, తీసివేతల దగ్గర తడబడటం సులువే.

ఉత్తరం పంపిన చోటు తేల్చడం ఇంకా కష్టం. సౌదీలో వేసవి గడియారం మార్పు లేదు, ఏడాదంతా +0300. కానీ కువైట్, ఖతార్, ఇరాక్, కెన్యా, మాస్కోలదీ అదే. పైగా Date వరుసను సాధారణంగా పంపినవారి వైపు సాఫ్ట్‌వేర్ రాస్తుంది, దాన్ని మార్చవచ్చు. కొన్ని సేవలు ఎక్కడినుంచి పంపినా +0000 వేస్తాయి. Received వరుసను మాత్రం ప్రతి సర్వరూ పైన చేర్చుకుంటూ పోతుంది, అందుకే కిందినుంచి పైకి చదవాలి. అందుకున్న మన సర్వర్ వేసిన ముద్రే నమ్మదగినది. అయితే అందులోని -0800 ఆ సర్వర్ గడియారాన్నే చెబుతుంది, పంపిన ఊరిని కాదు.

రియాద్ ఉత్తరంలో +0530 కనిపిస్తే అనుమానించవచ్చు. అయినా లాప్‌టాప్‌లో భారత సమయమే ఉంచుకున్న ఉద్యోగి పంపినా అలాగే వస్తుంది.