రోజుకు అరగంట సంగీత సాధన

వయసు వచ్చాక సంగీతం మొదలుపెట్టేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "రోజుకు అరగంటే తీరిక, సరిపోతుందా?" సరిపోతుంది. కాని ఆ అరగంటలో ఏం చెయ్యాలో ముందే తేల్చుకుని కూర్చోవాలి. మా చిన్నాన్నకు 42 ఏళ్ళు. పాలు పితకడం అయ్యాక, పొలానికి బయలుదేరేలోగా ఆయనకు దొరికేది ఆ అరగంటే. ఆయనకు గురువుగారు వేసి ఇచ్చిన పద్ధతిని, మన ఫిజిక్సు పాఠం కొంచెం కలిపి, ఇక్కడ వివరిస్తాను.

మొదటి 5 నిమిషాలు శ్రుతికి. తంబురా గాని, శ్రుతి పెట్టె గాని, సెల్‌ఫోను తంబురా గాని పెట్టుకుని షడ్జం, పంచమం, పై షడ్జం అకారంతో నిలపాలి. ఒక్కొక్కటి ఒక ఊపిరి. షడ్జం 132 హెర్ట్జ్ అనుకుంటే పంచమం దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 198. మన గొంతు 196 దగ్గర ఆగిందనుకోండి, సెకనుకు 2 సార్లు నాదం ఉబ్బి తగ్గుతున్నట్టు వినిపిస్తుంది. క్లాసులో మనం చదువుకున్న విస్పందనాలు ఇవే. గొంతు సరైన చోటికి జరిగేకొద్దీ ఆ ఊగిసలాట నెమ్మదించి ఆగిపోతుంది. గొంతు శ్రుతిలో కలిసిందనడానికి అదే గుర్తు.

తర్వాతి 10 నిమిషాలు వచ్చిన పాఠానికి. సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. మొదటి వరస "సరిగమ పదనిస, సనిదప మగరిస". ఆదితాళానికి 8 క్రియలు. క్రియ సెకనుకు ఒకటి చొప్పున వేస్తే, మొదటి కాలంలో ఈ వరస రెండు ఆవర్తాలు, అంటే 16 సెకన్లు పడుతుంది. అదే 16 సెకన్లలో రెండో కాలంలో 2 సార్లు, మూడో కాలంలో 4 సార్లు పాడాలి. మూడు కాలాలూ కలిపి 48 సెకన్లు. ఊపిరి తీసుకునే వ్యవధితో నిమిషానికొకటి చొప్పున, 10 నిమిషాల్లో 10 సార్లు తిరుగుతుంది.

ఇక్కడే పెద్దవాళ్ళు దెబ్బతింటారు. మూడో కాలం వచ్చేసరికి చెయ్యి కూడా గొంతుతో పరుగెత్తుతుంది. గడియారం చూస్తే తెలిసిపోతుంది: 48 పట్టాల్సింది 40కే అయిపోయిందంటే తాళం పరుగెత్తినట్టే. అలాంటప్పుడు మూడో కాలం మానేసి, రెండో కాలంలోనే వారం గడపడం మంచిది.

ఆ పైన 10 నిమిషాలు కొత్త వరసకు, మొదటి కాలంలో మాత్రమే. ఇందులో చూడాల్సింది రిషభం. ఈ రాగంలోది శుద్ధ రిషభం, షడ్జానికి బాగా దగ్గర. షడ్జం 132 అయితే ఇది సుమారు 141. కొత్తవారి గొంతు 148 దాకా ఎక్కి, చతుశ్రుతి రిషభం అయిపోతుంది. దీనికో చిట్కా ఉంది. స నుంచి రి ఎంత దూరమో ప నుంచి ద అంతే. గ నుంచి మ ఎంతో ని నుంచి పై స అంతే. కాబట్టి "సరిగమ" పాడి ఆగి, అదే నడకలో "పదనిస" పాడండి. రెండూ ఒకే అచ్చులో పోసినట్టు వినబడకపోతే రిషభమో దైవతమో పైకి ఎక్కిందన్నమాట.

చివరి 5 నిమిషాలు వినడానికి. ఆ రోజు పాడినది ఒకసారి రికార్డు చేసుకుని వినాలి. పాడేటప్పుడు దొరకని అపస్వరం వినేటప్పుడు దొరికిపోతుంది.

తర్వాతి వరసకు ఎప్పుడు పోవాలి? తంబురా ఆపేసి వరసను రెండు కాలాలు పాడండి. చివరి షడ్జం నిలిపి ఉంచి మళ్ళీ తంబురా పెట్టండి. రెండూ కలిస్తే ముందుకు పోవచ్చు, కలవకపోతే మరో రెండు రోజులు అదే వరస. మా చిన్నాన్నకు సగటున వరసకు 5 రోజులు పట్టింది. 14 వరసలకు 70 రోజులు. ఒక రోజు తప్పిపోతే మర్నాడు గంట పాడనక్కర్లేదు. అలా పాడితే గొంతు బొంగురుపోయి మరో రెండు రోజులు పోతాయి. గొంతు నొప్పి పెడితే పై షడ్జం జోలికి పోవద్దు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. గమకం పుస్తకంతోనూ గడియారంతోనూ రాదు. వారానికి ఒక్కసారైనా గురువు ఎదుట కూర్చోవాలి. జంట వరసలు, అలంకారాలు అయ్యాక పురందరదాసు గీతాలు మొదలవుతాయి. అవి మలహరి రాగంలో ఉంటాయి. మలహరి మాయామాళవగౌళ జన్యం, నిషాదం ఉండదు. అంటే 70 రోజులు అరగంట చొప్పున నిలబెట్టుకున్న ఆ రిషభ దైవతాలే గీతంలో పనికొస్తాయి, కొత్త స్వరం ఒక్కటీ నేర్చుకోనక్కర్లేదు.